తాత పడి పోయిండు

అక్కలూ, చెల్లెళ్ళూ, ఫోన్‌లో తెలుగు టైపు చేసేటప్పుడు మాట మధ్యలో దానంతటదే ఖాళీ వచ్చేస్తుంది, గమనించారా? సగం మాట కొట్టగానే కీబోర్డు పైన మూడు మాటలు చూపిస్తుంది. తొందరలో ఒకటి నొక్కేస్తాం. ఆ మాట పడి, దాని వెనకాలే ఒక ఖాళీ కూడా పడుతుంది. మిగతా సగం ఆ ఖాళీ అవతల మొదలవుతుంది. మామూలుగా అయితే చదివేవాళ్ళు సర్దుకుని చదువుకుంటారు. ఒక్కోసారి సర్దుకోవడానికి కుదరదు.

నేను పనిచేసేది షార్జాలోని సజ్జాలో, చిన్న క్లినిక్‌లో. చుట్టూ ఫ్యాక్టరీలు, గోడౌన్లు, లేబర్ క్యాంపులు. వచ్చేవాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉంటారు. ఆ రోజు చేతి గాయానికి కట్టు మార్పించుకోవడానికి జగిత్యాల వైపు అన్న ఒకాయన వచ్చాడు. కట్టు విప్పుతుండగా ఫోన్ మోగింది. చూసుకుని ఉన్నచోటే కూలబడిపోయాడు. ఊళ్ళో ఇంటర్ చదివే కూతురు పంపిన మెసేజ్ అది:

తాత పడి పోయిండు దవఖాన కాడు న్నం

ఇంతే. చుక్క లేదు, కామా లేదు. "బాపు పోయిండు సిస్టరూ" అన్నాడు. అప్పుడే సూపర్‌వైజర్‌కి ఫోన్ కలిపి సెలవు అడుగుతున్నాడు. ఇక్కడ వాట్సాప్ కాల్ పనిచేయదని మీకు తెలుసుగా, వెంటనే నొక్కి "ఏమైందమ్మా" అని అడగడానికి లేదు. చేతిలో ఉన్నది ఆ ఒక్క వాక్యమే.

ఫోన్ తీసుకుని నేనూ చదివాను. నా కన్ను ఆగింది "పోయిండు" దగ్గర కాదు, చివర్లో ఉన్న "న్నం" దగ్గర. తెలుగులో ఏ మాటా అలా ఒత్తున్న న్న తో మొదలవదు. అంటే ఆ ఖాళీ పిల్ల పెట్టింది కాదు, ఫోన్ పెట్టింది. పిల్ల రాయాలనుకున్నది "కాడున్నం". కాడ, ఉన్నం కలిసి కాడున్నం అయింది, మనం బళ్ళో చదివిన అత్వసంధి. సంధిలో కాడ చివరి అ పోయి, దాని చోట ఉ వచ్చి కూర్చుంది. ఆ మాటను డు తర్వాత విరిస్తే మిగిలేది "కాడు". కాడంటే ఏమిటో చెప్పక్కర్లేదు, వల్లకాడులో ఉన్న కాడే. పోయిండు అన్న మాట పక్కన కాడు కనిపిస్తే ఏ కొడుకు గుండె ఆగుతుంది?

అక్కడ ఒక ఖాళీ దొంగదైతే, ముందున్నదీ దొంగది కావచ్చు కదా. "పడిపోయిండు" కలిపి చదివితే కింద పడ్డాడు, అంతే. అందులో పోవడానికి వెళ్ళడమనీ చనిపోవడమనీ అర్థం లేదు. పని జరిగిపోయిందని చెప్పడానికి తోడొచ్చిన మాట అది, అలిసిపోయాను, మర్చిపోయాను అంటామే, అలా. విడదీస్తే మాత్రం పోయిండు సొంత కాళ్ళ మీద నిలబడుతుంది. పడ్డాడు, ప్రాణం పోయింది అని.

"అన్నా, తాత పడ్డాడని రాసింది, పోయాడని కాదేమో, ముందు మామూలు కాల్ చెయ్" అన్నాను. ఏమో అన్నానే గానీ గట్టిగా చెప్పలేదు. రాత చూసి అంతవరకే చెప్పగలం. నిజంగానే పడి, ప్రాణం పోయినా ఆ పిల్ల ఇదే వాక్యం కొట్టేది. కాల్ కలిసింది. తాత బాత్రూంలో జారాడట, తుంటి ఎముక విరిగింది, మనిషి మాట్లాడుతున్నాడు. నేను మళ్ళీ కట్టు మొదట్నించీ కట్టాల్సి వచ్చింది, గాయం తుడిచేలోపే ఆయన చెయ్యంతా కదిపేశాడు.

ఈ ఒక్క వాక్యంలో ఉన్న రెండు తప్పులకూ మందు ఒకటి కాదు, అది నాకు తర్వాత ఆలోచిస్తే తట్టింది. కాడున్నం లాంటి సంధి మాటను విడదీయడం తప్పేం కాదు, కానీ విడదీస్తే పోయిన అచ్చును తిరిగి తెచ్చుకోవాలి. "కాడ ఉన్నం" అని రాస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఫోన్‌లో అలా రాయడమే మేలని నా అభిప్రాయం, కీబోర్డుకి విడి మాటలే బాగా తెలుసు. పడిపోయిండు సంగతి వేరు. దాన్ని విడదీయనే కూడదు. సూచన నొక్కాక ఒకసారి వెనక్కి కొట్టి ఆ ఖాళీ తీసేయాలి.

ఏది కలపాలో అనుమానం వస్తే మధ్యలో ఇంకో మాట పెట్టి చూడండి. "పడి, తెల్లారి పోయిండు" అంటే అతుకుతుంది, కానీ అప్పుడది చావు కబురు. మీరు చెప్పాలనుకున్నది అది కాకపోతే మధ్యలో దేనికీ చోటు లేదన్నమాట, ఖాళీకి కూడా. అదీ కుదరకపోతే "తాత కింద పడ్డడు, మంచిగనే ఉన్నడు" అని కొట్టండి. ఆ వాక్యాన్ని ఎక్కడ విరిచినా తాత బతికే ఉంటాడు.