ముహూర్తానికి అందే డబ్బు

కాలేజీలో ఏళ్ళ తరబడి సంధులూ సమాసాలూ చెబుతున్నాను గాని, సొంత ఇంటికీ నాకూ మాత్రం సంధి కుదరలేదు. ఈ యర్రగొండపాలెంలోనే మూడు అద్దె ఇళ్ళు మారాను. మారినప్పుడల్లా నా పుస్తకాల పెట్టెలు మోసినవాళ్ళు నన్నూ, నా సాహిత్యాన్నీ కలిపి తిట్టుకున్నారు. 2024 వేసవిలో ఇల్లుగలాయన మళ్ళీ గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, మా అబ్బాయి వచ్చేస్తున్నాడు" అన్నాడు.

ఆ రాత్రి మా ఆవిడ, "అయిదేళ్ళలో మనకంటూ ఒక ఇల్లుండాలండీ. ఆపైన ఈ పెట్టెలు నేను సర్దలేను" అంది. ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయం వేసింది.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాను. మాకు నచ్చినలాంటి ఇల్లు 30 లక్షలు. అందులో నూటికి 80 అప్పిస్తామన్నారు. తక్కిన 6 లక్షలేగదా అని లేవబోతుంటే, మేనేజరుగారు, "రిజిస్ట్రేషన్ ఖర్చుకు అప్పివ్వం, అది మీదే" అన్నారు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి మన రాష్ట్రంలో నూటికి ఏడున్నర. అంటే రెండుంబావు లక్షలు. వెరసి ఎనిమిదింబావు లక్షలు.

ఇంటికొచ్చి కాగితం మీద వేస్తే ఇంకో సంగతి తేలింది. నేను డబ్బు కూడబెట్టేదాకా ఆ ఇల్లు 30 లక్షల దగ్గరే కూర్చోదు. ఏటికి నూటికి అయిదు చొప్పున పెరిగినా, అయిదేళ్ళకు 38 లక్షలు దాటుతుంది. మా వంతు పదిన్నర లక్షలవుతుంది. చేతిలో ఉన్నది 2 లక్షలు.

కాలేజీలో చిన్నవాడు, లెక్కల లెక్చరరు, "షేర్ల ఫండులో వేయండి సార్, బ్యాంకు వడ్డీ ఏపాటి?" అన్నాడు. దీర్ఘకాలానికి అతని మాట తప్పు కాదు. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది: "మనకు కావలసిన నెలలోనే పడిపోతే?" 2020 జనవరిలో 42 వేలు తాకిన సెన్సెక్స్ మార్చి 23న 26 వేల లోపుకు దిగింది. నవంబరుకు తిరిగి లేచిన మాట నిజమే. కాని ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ పెట్టుకున్నవాడు నవంబరు దాకా ఆగగలడా? ముహూర్తం ఉన్న డబ్బుకు ఓపిక ఉండదు.

చీటీ సంగతి నన్ను అడగకండి. రిజిస్టరు కాని చీటీ నడిపినాయన ఒక తెల్లవారుజామున బస్సెక్కాడు. ఆయనతోపాటు నా 40 వేలూ ఎక్కాయి.

చివరికి పోస్టాఫీసు మెట్లెక్కాను. ఉన్న 2 లక్షలకు జాతీయ పొదుపు పత్రాలు తీసుకున్నాను. అప్పుడు వడ్డీ నూటికి 7.7. అయిదేళ్ళకు దాదాపు 2 లక్షల 90 వేలు అవుతాయి. నెలకు 11 వేలు చొప్పున రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టాను. అప్పుడు దానికి 6.7. గడువుకు సుమారు 7 లక్షల 85 వేలు. రెండూ కలిస్తే పదిన్నర లక్షల గీత దాటుతాయి. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేట్లు సవరించినా, మొదలుపెట్టిన నాటి రేటే మనకు చివరిదాకా ఉంటుంది. ఈ వడ్డీ మీద ఆదాయపు పన్ను ఉంది గనుక గీత దాటిన మిగులును దానికే వదిలాను.

లెక్కల మాస్టారి మాటా తీసేయలేదు. నెలకు 2 వేలు షేర్లూ, బాండ్లూ కలిసిన ఫండులో వేస్తున్నాను. పెరిగితే పుస్తకాలకు గోడ బీరువాలు. తగ్గితే పెట్టెలే. ఇంటి లెక్కలోకి మాత్రం అది రాదు.

ఈ పద్ధతికీ పట్టింపులున్నాయి. పత్రాలను అయిదేళ్ళ లోపు మామూలుగా సొమ్ము చేసుకోలేము. రికరింగ్ డిపాజిట్ మూడేళ్ళు దాటాక మూయవచ్చు గాని, అప్పుడు సేవింగ్స్ ఖాతా వడ్డీయే ఇస్తారు. అందుకే ఆసుపత్రి ఖర్చులకని కొంత విడిగా ఉంచాలి. నేను ఉంచలేదు. అమ్మ కంటి ఆపరేషన్ నెలలో వాయిదా తప్పింది. నూటికి రూపాయి చొప్పున 110 రూపాయలు అపరాధ రుసుము కట్టాను. అలా నాలుగు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లో పునరుద్ధరించుకోకపోతే ఇక కట్టలేము. ఆ 110 రూపాయలతో నాకు బుద్ధి వచ్చింది.

ప్రతి ఉగాదికీ మా ఆవిడ వీధిలో ఇళ్ళ ధరలు వాకబు చేసి వస్తుంది. ధర మా అంచనా దాటితే ఇంకో చిన్న డిపాజిట్ తెరవాలని ఒప్పందం. ఎక్కువ వడ్డీ కోసం పరుగెత్తకూడదన్నది అందులో రెండో షరతు.

2029లో గడువు. పాసుపుస్తకం ఆవిడ బియ్యం డబ్బా వెనక దాచింది. నెలకోసారి తీసి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ అక్కడే పెడుతుంది.