పరిమితి: 1988 రూపాయలు

మా బాబాయికి ఖైరతాబాద్‌లో, ఆర్టీఏ ఆఫీసుకి దగ్గర్లో చిన్న ట్రావెల్స్ ఉంది. పది క్యాబులు, ఒక సొంత కారు. పదకొండు ఇన్సూరెన్స్ పాలసీలూ పీడీఎఫ్‌లుగా వాట్సాప్‌లో చెల్లాచెదురుగా ఉండేవి. పోయిన సంవత్సరం ఏప్రిల్లో "నువ్వు కంప్యూటర్ చదువుతున్నవ్ కదరా, అన్నీ ఒక షీట్‌లో పెట్టియ్" అన్నాడు. ఒక్క రాత్రి పని అనుకున్నాను.

పీడీఎఫ్‌లోంచి టెక్స్ట్ తీసి, "లిమిట్" అన్న మాట తర్వాత వచ్చే మొదటి అంకెని పట్టుకునే స్క్రిప్ట్ రాశాను. షీట్ చూసి బాబాయి "ఏందిరా, మన బండి ఎవరినన్న గుద్దితే పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది రూపాయలే ఇస్తరా?" అన్నాడు. అన్ని వరసల్లోనూ 1988! పాలసీ తెరిచి చదివితే అర్థమైంది. ఎదుటి మనిషి చనిపోయినా, గాయపడినా మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఎంత అవసరమైతే అంత అని అక్కడ రాసుంది. అంటే దానికి పరిమితి లేదు. నేను చట్టం పుట్టిన సంవత్సరాన్ని రూపాయలు చేసేశాను. అసలు అంకె దాని కింది లైన్లో ఉంది: ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి 7,50,000. అందుకని రెండు కాలమ్స్ పెట్టి, మొదటిదాంట్లో అంకె బదులు "పరిమితి లేదు" అని రాశాను.

ఎక్సెస్‌లోనూ ఇదే తప్పు. క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొదటి భాగం అది. బాబాయి సొంత కారు పాలసీలో తప్పనిసరి ఎక్సెస్ 1,000, ప్రీమియం తగ్గుతుందని ఆయనే ఒప్పుకున్నది ఇంకో 2,500. నా స్క్రిప్ట్ మొదటిదే తీసుకుంది. నిజానికి బంపర్ బిల్లు 4,000 అయితే, మిగతా కోతలు లేకపోయినా కంపెనీ నుంచి వచ్చేది 500.

ఈ రెండూ కంటికి కనిపించే తప్పులు. భయపెట్టింది మూడోది. మే 9న బాబాయి ఒక వరస మీద వేలు పెట్టి, "క్యాబ్ పాలసీ ఏడాదే కదరా, ఇది ఏడాదిన్నర ఎట్లుంది?" అన్నాడు. మొదలు 13/05/2024, ముగింపు 12/05/2025. షీట్‌లో మాత్రం ముగింపు డిసెంబర్ 5.

```python
from dateutil import parser
parser.parse("12/05/2025")                 # డిసెంబర్ 5
parser.parse("12/05/2025", dayfirst=True)  # మే 12
```

పన్నెండు దాటిన తేదీ నెల కాలేదు కాబట్టి 25/05 లాంటివి సరిగ్గానే చదువుకుంది. అందుకే చాలా వరసలు బాగున్నట్టు కనిపించాయి. ఇంకో మూడు రోజులు గడిస్తే ఆ బండి ఇన్సూరెన్స్ లేకుండా పంజాగుట్ట ట్రాఫిక్‌లో తిరిగేది. ఏదన్నా జరిగితే పరిహారం మొత్తం బాబాయి నెత్తిన పడేది. ఆ సాయంత్రమే ప్రీమియం కట్టేశాం.

ఇప్పుడు ముగింపులోంచి మొదలు తీసేస్తే 364 గానీ 365 గానీ రాకపోతే ఆ వరస ఎర్రగా మారుతుంది. కొత్తగా కొన్న సొంత కారుకి థర్డ్ పార్టీ మూడేళ్లు, కారు డ్యామేజీ కవర్ ఒక ఏడాది ఉంటుంది కాబట్టి దానికి రెండు ముగింపు తేదీలు విడిగా పెట్టాను. ప్రతి అంకె పక్కనా అది పీడీఎఫ్‌లో ఏ పేజీలో ఉందో కూడా రాశాను. బాబాయి ఇప్పటికీ పేజీ తెరిచి చూసే నమ్ముతాడు. నేనూ అంతే.