సంతకెళ్లే గూడ్స్ బండిలో పోయిన మనిషికి నష్టపరిహారం: మా ఇంటి కేసులో మాకు తెలిసింది



మన ఊళ్ల నుంచి సంతకు బస్సు ఎక్కడుంది? గూడ్స్ ఆటో, బొలేరో, ట్రాక్టర్ తొట్టి, ఇవే మన బస్సులు. అలాంటి బండి ఘాట్ మలుపులో బోల్తా పడితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అనే మాట ఒకటే: "ఇది సరుకుల బండి, మనుషులెక్కడానికి కాదు, మేము కట్టం." మా మేనమావ కేసులో ఈ మాట మీదే రెండేళ్లు నడిచింది. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాం.

మావకు 38 ఏళ్లు. రెండు బస్తాల పసుపు వేసుకుని సంతకెళ్తుంటే బండి పడిపోయింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఆ సాయంత్రమే బండి ఓనరు తరఫున పెద్దమనుషులొచ్చారు. ఖర్చులకు కొంత ఇస్తాం, కేసు వద్దు, డ్రైవరు మన కుర్రాడే కదా అన్నారు. ఇక్కడే చాలా ఇళ్లు ఆగిపోతాయి. డ్రైవరు మీద పోలీసులు పెట్టే క్రిమినల్ కేసు వేరు, మనం ట్రిబ్యునల్లో వేసే నష్టపరిహారం పిటిషన్ వేరు. బండికి ఇన్సూరెన్స్ అమల్లో ఉంటే మామూలుగా డబ్బు కట్టేది కంపెనీ. కానీ ఎఫ్.ఐ.ఆర్. లేకపోతే అసలు ప్రమాదం జరిగిందని, అది ఈ బండేనని చూపించడమే కష్టమైపోతుంది. మా అమ్మమ్మ ఆ రాత్రి గట్టిగా నిలబడింది కాబట్టి ఎఫ్.ఐ.ఆర్. అయ్యింది.

అయ్యింది కానీ అందులో "సంతకు వెళ్తున్న ప్రయాణికులు" అని రాశారు. పసుపు బస్తాల మాట లేదు. ఈ ఒక్క మాట ఎంత పనిచేస్తుందో చూడండి. మోటారు వాహనాల చట్టాన్ని 1994లో సవరించినప్పుడు, సరుకు బండిలో తన సరుకుతో వెళ్లే యజమానికి గానీ, ఆయన పంపిన మనిషికి గానీ ఇన్సూరెన్స్ వర్తించేలా చేశారు. ఊరికే ఎక్కిన ప్రయాణికుడికి మాత్రం కంపెనీ బాధ్యత లేదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒకే తొట్టిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో, బస్తా ఉన్నవాడి ఇంటికి కంపెనీ కట్టాలి. బస్తా లేనివాడి ఇంటివాళ్లు బండి ఓనరు దగ్గరే వసూలు చేసుకోవాలి. కొన్ని కేసుల్లో ముందు కంపెనీని కట్టమని, తర్వాత ఓనరు దగ్గర రాబట్టుకోమని కోర్టులు చెప్పాయి గానీ, దాని మీద ఆశ పెట్టుకుని కూర్చోలేం. ఇది న్యాయమా అంటే మాకైతే కాదనిపిస్తుంది. రోడ్డుకు బస్సు వేయనిది ఎవరు? అయినా చట్టం ఇప్పటికి అలా ఉంది.

మా కేసులో బస్తాల సంగతి మూడు చోట్ల దొరికింది. శవపంచనామాలో, రోడ్డు మీద పసుపు చిందిపోయి ఉందని రాసుంది. గాయపడిన పక్క ఊరి పెద్దాయన పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో మావ బస్తాల మాట ఉంది. ఆయనే ట్రిబ్యునల్ కొచ్చి సాక్ష్యం చెప్పాడు. అంతకుముందు సంతలో పసుపు అమ్మినప్పటి చీటీలు అత్త ట్రంకుపెట్టెలో ఉన్నాయి. కంపెనీ వకీలు అత్తను "టికెట్ డబ్బులు ఇచ్చారా, ఊరికే ఎక్కారా?" అని తిప్పి తిప్పి అడిగాడు. "బస్తాలకు కిరాయి ఇచ్చారు" అని ఆమె ఉన్నది చెప్పింది. ఇక్కడ క్రిమినల్ కేసులోలాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయక్కర్లేదు. ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో చూస్తారు. ట్రిబ్యునల్ మా మాట ఒప్పుకుంది. కాబట్టి ఎవరికైనా ఇలా జరిగితే, వాంగ్మూలం ఇచ్చేటప్పుడే ఏ సరుకుతో, ఎన్ని బస్తాలతో, ఎక్కడికి వెళ్తున్నారో ఉన్నదున్నట్టు రాయించండి. రాసింది చదివించుకుని సంతకం పెట్టండి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉచితంగా ఇవ్వాలి.

ఇక పిటిషన్ ఎవరు వేయొచ్చు? గాయమైతే గాయపడినవాళ్లు, చనిపోతే వారసులు. భార్య, పిల్లలు, తల్లి మాత్రమే కాదు, పెళ్లయిన కొడుకులూ కూతుళ్లూ కూడా వేయొచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. వారసులందరి పేర్లూ పిటిషన్లో ఉండాలి. కలవనివాళ్లను ప్రతివాదులుగానైనా చూపించాలి. మా ఇంట్లో అత్తకీ అమ్మమ్మకీ మాటల్లేవు, అయినా ఇద్దరి పేర్లూ పెట్టాం. అత్తామావలది కులాచారం పెళ్లి, సర్టిఫికెట్ లేదు. రేషన్ కార్డు, పిల్లల స్కూలు రికార్డులో తండ్రి పేరు, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల సర్టిఫికెట్, ఇవి సరిపోయాయి. ఆధార్లో అత్త పేరు ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉంది. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ వేయాల్సొచ్చింది.

పోలీసుల నుంచి తీసుకున్నవి ఎఫ్.ఐ.ఆర్., శవపంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండిని తనిఖీ చేసిన వాహనాల ఇన్‌స్పెక్టర్ రిపోర్టు, చార్జిషీటు. బండి ఆర్.సి., ఇన్సూరెన్స్ పాలసీ, డ్రైవర్ లైసెన్స్ కాపీలు కూడా స్టేషన్ నుంచే వచ్చాయి. డ్రైవరు నిర్లక్ష్యంగా నడిపాడని చూపించడానికి చార్జిషీటు బాగా పనికొచ్చింది. మరణ ధ్రువీకరణ పత్రం కోసం 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయిస్తే తర్వాత తిరగక్కర్లేదు. గాయాల కేసయితే పోస్టుమార్టం బదులు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, మందుల బిల్లులు, వైకల్యం మిగిలితే మెడికల్ బోర్డు సర్టిఫికెట్.

సంపాదనకు మనదగ్గర జీతం చీటీ ఉండదు. మేము పోడు భూమి పట్టా, ఉపాధి హామీ జాబ్ కార్డు, పసుపు అమ్మిన చీటీలు పెట్టాం. ట్రిబ్యునల్ నెలకు 9,000 రూపాయలుగా తీసుకుంది. సొంత పని చేసుకునే 40 ఏళ్లలోపు మనిషికి ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలుపుతారు, 12,600 అయ్యింది. ఆధారపడ్డవాళ్లు నలుగురు కాబట్టి మావ సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 9,450. ఏడాదికి 1,13,400. 36 నుంచి 40 ఏళ్ల వయసుకు గుణకం 15. మొత్తం 17,01,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భర్తను, తండ్రిని, కొడుకును పోగొట్టుకున్నందుకు ఇచ్చే సొమ్ము దీనికి అదనం. వయసు 41 అని పడి ఉంటే గుణకం 14 అయ్యేది, కలిపేది 25 శాతానికి పడిపోయేది. అందుకే వయసు కాగితం జాగ్రత్త.

పిటిషన్ ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలని ఇప్పటి చట్టం. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మనముండే ప్రాంతపు ట్రిబ్యునల్లో వేయొచ్చు. మామూలుగా అది జిల్లా జడ్జి కోర్టే. ఆసుపత్రి గేటు దగ్గరే ఒకాయన ఖాళీ కాగితాల మీద అత్త వేలిముద్ర అడిగాడు, వచ్చినదాంట్లో వాటా అన్నాడు. మేము వేయనివ్వలేదు. ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలని 1987 న్యాయసేవల చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టులో ఉండే న్యాయసేవాధికార సంస్థలో కుల ధ్రువీకరణ పత్రం పెట్టి అర్జీ ఇచ్చాం, వకీలును వాళ్లే ఇచ్చారు.

డబ్బు వడ్డీతో పడింది. పిల్లలిద్దరి వాటా వాళ్లకు 18 నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయమన్నారు. మధ్యలో చదువుకు కావాలంటే ట్రిబ్యునల్లో అర్జీ పెట్టి తీసుకోవాలి. పెద్దది ఈ ఏడు పదో తరగతి. ఇంటర్ ఫీజు కోసం ఆ అర్జీ రాసే పనిలోనే ఉన్నాం.