అక్కని పరిచయం చేస్తూ రాసిన మెయిల్

పోయిన భాగం చదివి కొందరు ఇన్‌బాక్స్‌లో ఒకే సంగతి అడిగారు. మన పేట సమస్యని తెలుగు రాని నిపుణుల దాకా ఎలా తీసుకెళ్తున్నావు అని. మెయిల్ రాసే. ఇద్దరు మనుషుల్ని కలుపుతూ రాసే మామూలు పరిచయం మెయిల్. కాకపోతే మనం రాసేటప్పుడు దానిలో కొంచెం ఎక్కువ పని ఉంటుంది.

గోదావరి జిల్లాల్లో పెద్ద కులాల వాళ్లకి పరిచయ పత్రం పెద్దగా అక్కర్లేదు. ఇంటిపేరు, ఊరిపేరు చెబితే అవతలివాడు "ఓ, ఫలానా వారి అబ్బాయివా" అంటాడు. మనం ఊరిపేరు చెబితే "ఊళ్లోనా, పేటలోనా?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. అందుకే మన గురించి రాసిచ్చే మనిషి కావాలి. బాబాసాహెబ్‌కి కూడా కావలసి వచ్చింది. కొలంబియాలో ఆయన గురువు సెలిగ్మన్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఉన్న ప్రొఫెసర్ ఫాక్స్‌వెల్‌కి ఆయన గురించి ఉత్తరం రాశాడు. అయితే ఆ ఉత్తరం రాసిన భాష అంబేడ్కర్‌కి వచ్చు. మన అక్కకి రాదు. చిక్కంతా అక్కడే.

అక్క అంటే రాజోలు దగ్గర ఒక పేటలో ఉండే మనిషి. ఏడో తరగతి దాకా చదివింది. పొదుపు సంఘం లెక్కల పుస్తకం పదేళ్లుగా ఆమె చేతిలోనే ఉంది. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ వాళ్లు ఆమెని ఎవరికో పరిచయం చేస్తూ ఇంగ్లీషులో మెయిల్ పెట్టారు. కాపీ ఆమె కూతురి మెయిల్‌కీ వచ్చింది. ఎవరూ చదివి చెప్పలేదు. నెలల తర్వాత ఆ వచ్చినాయన అక్కతో చిన్నపిల్లతో మాట్లాడినట్టు ఒక్కో మాటా ఆపి ఆపి మాట్లాడుతుంటే అనుమానం వచ్చి కూతురు ఆ మెయిల్ వెతికి చదివింది. "నిరక్షరాస్యురాలైన బాధితురాలు" అని ఉంది. అక్క నాతో అన్నది ఒకటే: "ఆయ్, నా గురించి నాకు తెలీకుండా రాశార్రా తమ్ముడూ."

ఈసారి సంగతి నీళ్లది. పేట చుట్టూ రొయ్యల చెరువులు తవ్వాక నాలుగు బోర్ల నీళ్లు ఉప్పెక్కాయి. పద్నాలుగు కుటుంబాలు. మేనల్లుడు కొన్న పెన్ను లాంటి మీటరు పెడితే లీటరుకి 2,600 మిల్లీగ్రాముల లవణాలు చూపించింది. తాగేనీటికి 500 లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే 2,000 దాకా ఒప్పుకోవచ్చు అని ప్రమాణం. కానీ ఆ పెన్ను కొలిచేది నీళ్లలో కరెంటు పారే తీరుని. దాన్నిబట్టి లవణాలు ఎంతో లెక్కగట్టి చూపిస్తుంది. ఆఫీసులో అది రుజువుగా నిలబడదు. చెన్నైలో భూగర్భజలాల మీద పనిచేసే ఒక పరిశోధకుడు నాకు తెలుసు. మలయాళీ, తెలుగు రాదు. వీళ్లిద్దర్నీ కలపాలి.

ముందు ఇద్దరినీ విడివిడిగా అడిగాను. అడక్కుండా కలిపితే అవతలాయన మొహమాటానికి జవాబిచ్చి ఆగిపోతాడు, లేదా అసలు ఇవ్వడు. ఆయన సరే అన్నాక అక్కని అడిగింది ఇంకోటి: నీ గురించి ఏం రాయొచ్చు, ఏం రాయకూడదు? ఆమె మూడు చెప్పింది. ఫోన్ నంబరు వద్దు. ఎస్సీ కాలనీ అని నున్నగా రాయొద్దు, మాలపేట అనే రాయి. చెరువుల ఆసామి పేరు మాత్రం రాయకు.

మూడోదాని గురించి ఆగి చెప్పాలి. పేటలో ఆరుగురు మగవాళ్లు ఆ చెరువుల్లోనే మేత చల్లడానికి, రాత్రిపూట పట్టుబడికి పోతారు. మెయిల్ అన్నది ఎవరి చేతికి ఫార్వర్డ్ అవుతుందో మన చేతిలో ఉండదు. ఒక్క పేరు బయటికి పొక్కితే ఆరు కూలీలు పోతాయి. కాబట్టి పేరు రాయకపోవడమే కాదు, రాయలేదని ఆమెకి రాతలో తెలియాలి.

మెయిల్ ఇంగ్లీషు భాగం మూడు పేరాలు: ఆమె ఎవరు, ఆయన ఎవరు, ఆయన్ని అడిగేది ఏమిటి. అడిగేది ఒక్కటే ఉండాలి. నీటి పరీక్ష, కేసు, పేపరు వార్త అన్నీ ఒకే మెయిల్లో కలిపితే చదివిన నిపుణుడు దేనికి జవాబివ్వాలో తెలీక మూసేస్తాడు. తెలుగు సారాంశం దీని కింద కాదు, పైన పెట్టాను. అక్క కూతురి ఫోన్లో మెయిల్ తెరవగానే కనపడేది ఆమె భాష కావాలి. అది ఇదీ:

"అక్కా, ఈ ఉత్తరం నీకూ, చెన్నైలో నీళ్ల మీద పరిశోధన చేసే ఆయనకీ కలిపి రాస్తున్నాను. నీ గురించి కింద ఇంగ్లీషులో రాసింది ఇంతే: రాజోలు దగ్గర మాలపేటలో ఉంటావు, పద్నాలుగు కుటుంబాల తరఫున మాట్లాడతావు, పొదుపు సంఘం లెక్కలు పదేళ్లుగా నువ్వే రాస్తున్నావు, మీ నాలుగు బోర్ల నీళ్లు ఉప్పెక్కాయి, పెన్ను మీటరు 2,600 చూపించింది. చెరువుల ఆసామి పేరు రాయలేదు. నీ నంబరు ఇవ్వలేదు. ఆయన్ని అడిగింది ఒక్కటే: పరీక్షకి నీళ్లు ఎప్పుడు, ఎలా పట్టాలో ఒక గంట ఫోన్లో చెప్పమని. డబ్బులు అడగలేదు. ఆయన మీ ఊరు వస్తానని మాట ఇవ్వలేదు. మాట్లాడేటప్పుడు నీ కూతురు ఇంగ్లీషు చెబుతుంది."

ఇంగ్లీషులో ఆమె గురించి ఉన్న ప్రతి ముక్కా తెలుగులో ఉండాలి. తెలుగులో రాయడానికి మనకి నోరు రాని మాట ఇంగ్లీషులోనూ ఉండకూడదు. అలాగే ఇంగ్లీషు భాగం మొదట్లో ఒక వాక్యం పెట్టాను: పైన తెలుగులో ఉన్నది దీని సారాంశమే, మీకు తెలియని సంగతి అందులో ఏదీ లేదు అని. లేకపోతే ఆయనకీ అదే అనుమానం వస్తుంది కదా.

ఒక చిన్న హెచ్చరిక. తెలుగు ముక్క డీటీపీ సెంటర్లో కొట్టించొద్దు. వాళ్లు ఎక్కువగా అను ఫాంట్లలో కొడతారు. అది మెయిల్లో అతికిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు వస్తాయి. ఫోన్ కీబోర్డులో కొడితే యూనికోడ్, ఎక్కడైనా చదవొచ్చు. పంపేముందు ఇంకో ఫోన్లో తెరిచి చూసుకోండి.

ఆయన జవాబు మూడో రోజు వచ్చింది, కానీ నాకొక్కడికే. రిప్లై ఆల్ నొక్కలేదు. ఇక్కడే పరిచయం చేసినవాడు దళారీ అయిపోతాడు. ప్రతి మాటా వాడి మీదుగా పోతుంది, వాడు ఊళ్లో లేకపోతే పని ఆగుతుంది. అక్కని కలిపి జవాబిస్తూ, ఆయన చెప్పినదంతా తెలుగులో పైన పెట్టి, ఇకమీదట ఇద్దరికీ రాయండి అన్నాను. ఆయన తర్వాతి మెయిల్ ఇద్దరికీ వచ్చింది. ఫోన్ మాటలకి రోజు కుదిరాక నన్ను బీసీసీలోకి జరిపారు, ఆ తర్వాత మెయిళ్లు నాకు రావడం ఆగింది.

ఫోన్లో ఆయన చెప్పింది అక్కే నాకు చెప్పింది. కాలవలు కట్టేసిన వేసవిలో ఒకసారి, నీళ్లు వదిలాక ఇంకోసారి అవే బోర్ల నీళ్లు పట్టి, గుర్తింపు ఉన్న ల్యాబులో ఇవ్వాలి. దానితోపాటు చెరువులకి దూరంగా ఉన్న బోరు నీళ్లు కూడా పట్టాలి. అది లేకపోతే సముద్రం పక్క నేల కదా, నీళ్లు ముందునుంచీ ఉప్పే అని తోసేస్తారు. అలాంటి బోరు ఊళ్లో ఉంది, పెద్దింటి పెరట్లో.

"ఎవర్ని పంపుదాం అక్కా?" అన్నాను.

"ఎవరో ఎందుకురా, నేనే ఎళ్లి అడుగుతాను. సీసా కూడా నేనే పట్టుకెళ్తాను, ఆళ్ల చెంబు అక్కర్లేదు" అంది.

జై భీమ్.