ఒళ్లో పట్టుకుంటే ఆగుతడా?

మొన్న ఊరి నుంచి అక్క, బావ, మూడేళ్ల మేనల్లుడు వచ్చిండ్రు. ఓయూ హాస్టల్ నుంచి తార్నాకకు క్యాబ్ ఎక్కినం. ముందు కూర్చున్న బావ బెల్టు పెట్టుకుండు. వెనక మేం పెట్టుకోలే. పిల్లోడు అక్క ఒళ్లో ఉన్నడు. చౌరస్తా దగ్గర బైకు అడ్డమొస్తే డ్రైవర్ గట్టిగ బ్రేక్ కొట్టిండు. పిల్లోడు అక్క చేతుల్లోంచి జారి ముందు సీటుకు తగిలిండు. పెదవి చిట్లింది.

రాత్రి కూర్చుని లెక్కేసిన. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ దేన్నో గుద్ది, సెకనులో పదో వంతులో ఆగిందనుకోండి. పిల్లోడి మీద వాడి బరువుకు దాదాపు 11 రెట్ల బలం పడుతది. వాడు 12 కిలోలు. అంటే 130 కిలోల మూటను అక్క చేతులతో ఆపాలె! పైగా బెల్టు లేని అక్క కూడా వాడి మీదే పడుతది. ఇద్దరికీ కలిపి ఒకటే బెల్టు పెడితే ఇంకా ప్రమాదం, ఆమె బరువుకూ బెల్టుకూ మధ్య పిల్లోడు నలిగిపోతడు.

2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ చనిపోయిన కారులో ముందున్న ఇద్దరూ బతికిండ్రు, బెల్టు పెట్టుకోని వెనక ఇద్దరూ పోయిండ్రు. చట్టం కూడా వెనక సీటును వదల్లేదు. 2019 సవరణతో వచ్చిన 194బి సెక్షన్ ప్రకారం బెల్టు లేకపోతే 1,000 రూపాయల జరిమానా. 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టుతోనో చైల్డ్ సీటుతోనో కట్టకపోయినా అంతే.

తిరిగొచ్చేటప్పుడు బెల్టు కోసం వెతికితే, దాన్ని గుచ్చే బకిల్ సీటు కవర్ కింద దొరికింది. పిల్లోడికి పెట్టి చూస్తే పట్టీ సరిగ్గా మెడ మీదికి వచ్చింది. పెద్దోళ్ల కొలతకు చేసింది కదా. అందుకే ఇప్పుడు బావ చైల్డ్ సీటు ఎంతకొస్తదని అడుగుతుండు.