తీజ్‌కు జ్వరమని రాయలేదు

మా తండా నుంచి ఉద్యోగాలకు వెళ్లిన వాళ్లం ఇప్పుడు పది పన్నెండు మందిమి ఉన్నాం. ఇద్దరు పంతుళ్లు, ఒక నర్సు, మిగతావాళ్లం ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో. తీజ్‌కో సీత్లా పండుగకో సెలవు కావాల్సి వస్తే మేమంతా చాలా ఏళ్లు ఒకటే కారణం రాశాం: జ్వరం. లేదంటే అమ్మకు బాగోలేదని. దసరాకో సంక్రాంతికో ఎవరూ జ్వరమని రాయరు, ఆ పండుగలు క్యాలెండర్‌లోనే ఉంటాయి. మా తీజ్ అందులో ఉండదు. అది ఏమిటో చెప్పడం కంటే జ్వరమనడమే సులువనిపించేది.

2025 ఆగస్టులో మా తమ్ముడొకడు ఆ పని చేయలేదు. ఆ సంగతి రాస్తున్నాం.

ఆగిరిపల్లి చుట్టుపక్కల ఏ మాట అనుకున్నా మామిడి కోతలు అయ్యాకే అనుకుంటాం. కోతలో ఉన్నప్పుడు ఎవరికీ తీరికుండదు. ఆ సంవత్సరమూ అంతే. జూన్‌లో కాయ ఖాళీ అయ్యి, కూలి డబ్బులు చేతికొచ్చాక నాయక్, పెద్దలు కూర్చుని తీజ్ తేదీలు ఖాయం చేశారు. రాఖీ పున్నమి ఆగస్టు 9, శనివారం. ఆ సాయంత్రం బుట్టల్లో గోధుమలు చల్లాలి. కృష్ణాష్టమి 16న. తొమ్మిదో రోజు 17, ఆదివారం, మొలకల నిమజ్జనం.

తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. బుట్టల్లో పుట్టమన్ను పోసి, నానబెట్టిన గోధుమలు చల్లి, పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారు. చివరి రోజు మొలకలు తుంచి అన్నదమ్ముల తలపాగాల్లో పెడతారు. తర్వాత బుట్టలు చెరువులో కలుపుతారు. మా చిన్న చెల్లెలికి పెళ్లి కుదిరింది. అంటే పెళ్లికాని పిల్లగా ఆమెకు అదే చివరి తీజ్. ఆ రోజు తలపాగా కట్టుకుని నిలబడాల్సింది మా తమ్ముడు.

వాడు విజయవాడ వైపు ఒక ఫ్యాక్టరీలో స్టోర్స్ గుమాస్తా. తేదీలు తెలియగానే జూన్ 23న సెలవు అడిగాడు. 16 శనివారానికి రెండు రోజుల్లో మంజూరైంది. 17 ఎలాగూ వాడి వారపు సెలవు. అంతా కుదిరిందనుకున్నాం.

ఆగస్టు 13, బుధవారం సాయంత్రం పై అధికారి నుంచి మెయిల్ వచ్చింది. శని, ఆదివారాల్లో స్టాక్ లెక్కింపు ఉంది, స్టోర్స్ వాళ్లంతా రావాలి అని. తమ్ముడు ఆ రాత్రి బండి మీద తండాకు వచ్చాడు. అప్పటికి బుట్టల్లో మొలకలు వేలెడు ఎత్తు లేచాయి.

వాడు దారిలోనే ఫోన్‌లో ఒక జవాబు రాసుకున్నాడు. అందులో నాలుగుసార్లు క్షమించమని ఉంది, తీజ్ చరిత్ర ఒక పేరా ఉంది, చివర 'వీలైతే ఆదివారం మధ్యాహ్నం రావడానికి ప్రయత్నిస్తాను' అని ఉంది. మాలో పంతులుగా పనిచేసే అన్న ఆ చివరి వాక్యం దగ్గర ఆగాడు. "నువ్వు రాలేవని తెలిసీ ప్రయత్నిస్తానంటే, వాళ్లు వస్తావనే రాసుకుంటారు. రాకపోతే మాట తప్పినవాడివి నువ్వే" అన్నాడు.

తమ్ముడికి కోపం వచ్చింది. అదంతా చెరిపేసి రెండోది రాశాడు: 'మా పండుగకు విలువ లేని చోట నేను పనిచేయలేను. అవసరమైతే రాజీనామా ఇస్తాను.' మేం ఫోన్ లాక్కున్నంత పని చేశాం. వాడికి ఉద్యోగం మానే ఉద్దేశం లేదు, చెల్లెలి పెళ్లి ఖర్చు ముందుంది. కోపంలో రాసినా ఆ మాట కాగితం మీద ఉండిపోతుంది. అవతలివాళ్లు 'సరే, ఇవ్వండి' అంటే జవాబు ఉండదు. అడిగింది రెండు రోజుల సంగతి, పందెం కాసింది మొత్తం ఉద్యోగం.

చట్టం మాట కూడా వచ్చింది. అప్పటికి అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో 52వ సెక్షన్ వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలనేది. ఆదివారం పని చేయించుకోవాలంటే దానికి ముందు మూడు రోజుల్లోగానీ, తర్వాత మూడు రోజుల్లోగానీ ఒక రోజు సెలవు ఇవ్వాల్సి ఉండేది. అంటే ఆదివారం పిలవడమే నేరమని కాదు, బదులు రోజు ఇవ్వాలని. పైగా అది ఆ చట్టం ప్రకారం కార్మికుడి కిందికి వచ్చేవాళ్లకు. అందుకని మొదటి మెయిల్‌లోనే సెక్షన్లు రాయొద్దనుకున్నాం. మంజూరైన సెలవు చేతిలో ఉంది, దాన్నే ముందు పెట్టాలి.

ఇక పండుగ పేరు. "ఇంట్లో ఫంక్షన్ అని రాస్తే చాలదా?" అన్నాడు తమ్ముడు. చాలదని యాడి అంది. ఆమెకు చదువు రాదు, గడప దగ్గర కూర్చుని వింటోంది. "పేరు చెప్పకపోతే వచ్చే ఏడు కూడా చెప్పలేవు" అంది.

గంటన్నర పట్టింది. వాడు ఇంగ్లీషులో పంపిన దానికి తెలుగు ఇది:

విషయం: ఆగస్టు 16, 17 తేదీల్లో డ్యూటీకి రాలేను

సార్, నమస్కారం.

ఆగస్టు 16, 17 తేదీల స్టాక్ లెక్కింపు డ్యూటీకి నేను రాలేను. ఆ రెండు రోజులు మా లంబాడీ తండాలో తీజ్ పండుగ ముగింపు. అన్నగా నేను ఉండి చేయాల్సిన కార్యం ఉంది. దీనికోసం జూన్ 23న దరఖాస్తు చేశాను, 16వ తేదీ సెలవు మంజూరైంది. 17 నా వారపు సెలవు.

నా కింద ఉన్న సరుకు లెక్క 14వ తేదీ రాత్రికి పూర్తి చేసి, షీటు, తాళాలు మీరు చెప్పినవారికి అప్పగిస్తాను. తేడాలు ఏమైనా వస్తే 18 సోమవారం ఉదయం 7 గంటలకే వచ్చి సరిచూస్తాను. అవసరమైతే 24 ఆదివారం డ్యూటీ చేస్తాను.

ఇట్లు, మీ విధేయుడు.

మొదటి వాక్యంలోనే రాలేనని ఉంది. కారణం రెండు వాక్యాలు. తేదీలు ఎందుకంటే, ఇది నిన్న పుట్టిన సాకు కాదని అవి చెబుతాయి. పని సంగతి ఎక్కువ రాశాం, ఎందుకంటే అవతలి మనిషికి నిజంగా కావాల్సింది అదే. క్షమాపణ లేదు, బెదిరింపు లేదు. చేయగలిగినవి మాత్రమే రాయించాం. 15 స్వాతంత్ర్య దినం, సెలవు. కాబట్టి 14 రాత్రికే అప్పగించాలి, అది వాడి వల్ల అవుతుందా అని రెండుసార్లు అడిగాకే ఆ వాక్యం ఉంచాం.

మర్నాడు ఉదయం అధికారి ఫోన్ చేశాడు. "తీజా? అదేం పండుగ? ఎప్పుడూ వినలేదే. ఆదివారం ఒక్క పూట రా" అన్నాడు. తమ్ముడు తడబడ్డాడట. కానీ మెయిల్‌లో ఉన్నదే చెప్పాడు. "సార్, రాలేను. లెక్క రాత్రికి ఇచ్చేస్తాను." ఫోన్ పెట్టేశాక ఆ మాటే ఒక వాక్యంగా మళ్లీ మెయిల్ పెట్టాడు. ఫోన్ మాటకు సాక్ష్యం ఉండదని నర్సు అక్క ముందే చెప్పింది. దానికి జవాబు రాలేదు. రాత్రి పదింటి దాకా ఉండి లెక్క ముగించి, తాళాలు తోటి ఉద్యోగికి ఇచ్చి సంతకం తీసుకున్నాడు.

ఆదివారం చెల్లెలు వాడి తలపాగాలో మొలకలు పెట్టింది. ఇద్దరూ ఏడ్చారు, మేమూ ఏడ్చాం.

తర్వాత అంతా సుఖంగా సాగిందని చెప్పలేం. అధికారి నెల రోజులు ముభావంగా ఉన్నాడు. 24న తమ్ముడు డ్యూటీ చేశాడు. బదులు సెలవు దానంతట అది రాలేదు, మళ్లీ మెయిల్ రాసి అడిగితే ఇచ్చారు. ఆ మెయిల్ మాత్రం ఎవరి సాయం లేకుండా వాడే రాసుకున్నాడు, మూడు వాక్యాల్లో.

ఈ ఏడు మాలో నర్సు అక్క సీత్లా పండుగకు సెలవు అడిగింది. కారణం దగ్గర సీత్లా అనే రాసింది. అక్షరాలు సరిగా ఉన్నాయా అని మాకు పంపి చూపించుకుంది.