మేకు దిగిన పన్నెండో రోజు

హైదరాబాద్ శివారులో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిచ్చే ఒక కుటుంబం ఉంది. రేకుల షెడ్డులో ఐదు గుర్రాలు, దాని పక్కనే రెండు గేదెలు, డజను మేకలు. టీకాలు వేయడానికి పశువుల డాక్టరమ్మ అక్కడికి బయలుదేరితే నేనూ వెంట వెళ్లాను. గుమ్మం దగ్గర ఒక తెల్ల ఆడగుర్రం తీరిగ్గా ఉలవలు నములుతోంది. యజమాని దాని మెడ నిమురుతూ, "ఇది నిరుడు సచ్చి బతికింది సార్," అన్నాడు.

ఆ కథ ఒక మేకుతో మొదలైంది. పెళ్లి పందిరి విప్పిన చోట గుర్రం వెనక కాలు మేకు మీద పడింది. డెక్క అడుగున మేకు లోతుగా దిగింది. "అది గుంజి పారేసిన. రక్తం పెద్దగా రాలే. పసుపు, ఆముదం అద్ది గుడ్డ కుక్కిన. మూడు రోజుల్ల కుంటుడు పోయింది. మానిందనుకున్న," అని చెప్పాడాయన.

పన్నెండో రోజు పొద్దున ఉలవల గంప ముందు పెడితే గుర్రం తల దించలేదు. ఆకలి లేదేమో అనుకున్నారు. మధ్యాహ్నానికి చెవులు నిక్కబొడుచుకున్నాయి, ముక్కుపుటాలు విచ్చుకున్నాయి, తోక ఎత్తి పట్టినట్టు నిలిచిపోయింది. నాలుగు కాళ్లూ ఎడంగా చాచి, కొయ్యతో చేసిన బొమ్మలా నిలబడింది. వెనక్కి తిప్పబోతే ఒళ్లంతా ఒకేసారి కదిలింది. అంతలో ఎవరి చేతిలోంచో ఇనుప బకెట్ జారి పడింది. ఆ చప్పుడుకు గుర్రం బిర్రబిగుసుకుపోయింది. కంటి లోపలి మూల నుంచి తెల్లటి పొర ఒకటి జారి సగం కన్ను కప్పేసింది.

ఆ పొర గుర్రానికి ఉండే మూడో రెప్ప. కనుగుడ్డును వెనక్కి లాగే కండరం బిగుసుకుంటే అది ముందుకు జారుతుంది. "గుర్రంలో ధనుర్వాతాన్ని పట్టించే తొలి గుర్తుల్లో ఇదొకటి," అన్నారు డాక్టరమ్మ. తల ఎత్తినా, గడ్డం కింద మెల్లగా తట్టినా ఆ రెప్ప మెరిసినట్టు బయటికొస్తే ఆలస్యం చేయకూడదట.

నాకొక సందేహం ఉండిపోయింది. మానిన గాయం ఇంత పని ఎలా చేసింది?

"అది మానలేదు, మూసుకుంది," అన్నారామె. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటానై అనే సూక్ష్మజీవి మట్టిలోనూ పేడలోనూ ఉంటుంది. గుర్రం పేగుల్లో కూడా ఉంటుంది. బయట అది సిద్ధబీజంగా, అంటే గట్టి పెంకులో నిద్రపోతూ ఏళ్ల తరబడి బతుకుతుంది. గాలి తగిలే చోట అది పెరగదు. గీరుకుపోయి రక్తం కారే పెద్ద గాయం చూడ్డానికి భయంకరంగా ఉన్నా, లోపలికి గాలి ఆడుతుంది. మేకు చేసిన బెజ్జం అలా కాదు. పైన డెక్క మూసుకుపోతుంది, లోపల నలిగిన కండ చచ్చి ఉంటుంది, ప్రాణవాయువు అందదు. సిద్ధబీజం నిద్ర లేవడానికి అంతకన్నా అనువైన చోటు లేదు. పైగా మనం గుడ్డ కుక్కి ఆ కాస్త గాలీ ఆపేస్తాం.

సూక్ష్మజీవి గాయం దాటి పోదు. పోయేది అది తయారుచేసే విషం. ఆ విషం నరాల కొసలను పట్టుకుని, నరం లోపలి దారిలోనే వెన్నుపాము దాకా ఎగబాకుతుంది. ఆ ప్రయాణం వల్ల కూడా మేకుకూ జబ్బుకూ మధ్య సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది.

అక్కడ అదేం చేస్తుందో చెప్పడానికి ఆమె నన్ను మోచెయ్యి మడవమన్నారు. "ముందున్న కండ లాగుతుంటే వెనకున్న కండ వదులవ్వాలి. వదులు కమ్మని చెప్పే కబురు వెన్నుపాములో పుడుతుంది. అది బండికి బ్రేకు లాంటిది. విషం ఆ కబురును ఆపేస్తుంది. ఇక రెండు కండలూ ఒకేసారి లాగుతాయి." దవడ బిగిసి గడ్డి నమలలేకపోవడం, మెడ వంగకపోవడం, చిన్న చప్పుడుకే ఒళ్లంతా బిగుసుకోవడం, అన్నిటికీ కారణం ఈ ఒక్క బ్రేకు తెగడమే. గుర్రానికి తెలివి మాత్రం చెక్కుచెదరదు. నొప్పంతా తెలుస్తూనే ఉంటుంది.

ఆ రోజు ఆమె డెక్కను చెక్కి బెజ్జం తెరిచారు. నల్లటి చీము బయటికొచ్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడిగి, పెన్సిలిన్, విషాన్ని విరిచే సీరం, కండలను సడలించే మత్తుమందు ఇచ్చారు. షెడ్డు కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. చెవుల్లో దూది పెట్టారు. వంగలేని మెడ కోసం నీళ్ల తొట్టిని ఛాతీ ఎత్తున నిలిపి, తవుడు జావ పట్టారు. ఇంటి పిల్లలు రెండు వారాలు గుసగుసలతోనే మాట్లాడుకున్నారట.

"అయితే సీరం ఒక్కపూటలో ఎందుకు నయం చెయ్యలేదు?" అని అడిగాను. రక్తంలో తిరిగే విషాన్నే సీరం పట్టుకోగలదు. నరంలోకి ఎక్కి కూర్చున్నదాన్ని ఏ మందూ దించలేదు. దెబ్బతిన్న నరాల కొసలు కొత్తగా పెరిగేదాకా గుర్రాన్ని బతికించుకోవడమే వైద్యం, దానికి వారాలు పడుతుంది. జబ్బు పడ్డ గుర్రాల్లో సగానికి పైగా దక్కవు. కింద పడి లేవలేకపోయినా, ఊపిరి కండలు బిగిసినా ఆశ సన్నగిల్లుతుంది. ఈ గుర్రం కింద పడకుండా నిలబడింది, అదే దాన్ని కాపాడింది.

గేదెల వైపు నడుస్తూ ఆమె మిగతా పశువుల సంగతి చెప్పారు. ఈ విషానికి గుర్రం అన్నిటికన్నా సుకుమారి. గొర్రె, మేక దాని తర్వాత. ఆవు, గేదె కాస్త తట్టుకుంటాయి, కానీ ఈనాక గర్భసంచికి దెబ్బ తగిలితే వాటికీ రావచ్చు. అప్పుడు తేన్పు రాక పొట్ట ఉబ్బడం ఒక గుర్తు. గొర్రెపిల్లలకు రబ్బరు వలయం బిగించి విత్తులు తీసే పద్ధతిలో ప్రమాదం ఎక్కువ. వలయం కింద రక్తం ఆగి కండ చచ్చిపోతుంది. మేకు బెజ్జంలో ఉన్న పరిస్థితే అక్కడా.

ఇంతలో ఆమె ఐసు పెట్టె తెరిచి, మొదటి సూది ఆ తెల్ల గుర్రానికే సిద్ధం చేశారు. జబ్బు వచ్చి పోయినదానికి మళ్లీ టీకా దేనికని నాకు ఆశ్చర్యం వేసింది.

"ఇంత విషం చాలు, గుర్రం చస్తుంది," అంటూ వేలి కొసను చూపించారు. "కానీ ఒంటికి దాన్ని గుర్తుపెట్టుకోవడం నేర్పడానికి ఆ కాస్తా చాలదు. అందుకే వచ్చి తగ్గినా రక్షణ రాదు." టీకాలో ఉండేది అదే విషం, కోరలు పీకినది. 1920లలో ఫ్రాన్స్‌లో గాస్టన్ రామోన్ ఫార్మాలిన్‌తో, వెచ్చదనంతో విషాన్ని నిర్వీర్యం చేసే దారి కనిపెట్టాడు. హాని చేయదు కాబట్టి దాన్ని ఒంటికి కావలసినంత ఇవ్వచ్చు. అప్పుడు రక్తంలో విరుగుడు ముందే సిద్ధంగా ఉంటుంది, విషం నరం ఎక్కకముందే దాన్ని పట్టేస్తుంది.

ఒక్క సూదితో ఆ పని పూర్తవదు. నాలుగు నుంచి ఆరు వారాలకు రెండోది, ఆ తర్వాత ఏటా ఒకటి. చూలు గుర్రానికి ఈనడానికి నెల ముందు వేస్తే, ముర్రుపాలతో పిల్లకూ రక్షణ అందుతుంది. టీకా వేయని గుర్రానికి మేకు గుచ్చుకున్న రోజున టీకా ఒక్కటే వేసి లాభం లేదు, విరుగుడు తయారయ్యేలోగా విషం ముందు చేరుతుంది. అందుకే ఆ రోజు సీరం కూడా మరో చోట పొడుస్తారు. దాని కాపుదల రెండు మూడు వారాలే.

తెల్ల గుర్రం మెడ కండలో సూది దిగింది. అది ఒకసారి చెవులు ఆడించి, తల దించి ఉలవల గంపలో మూతి పెట్టింది. యజమాని సుద్దముక్కతో షెడ్డు తలుపు మీద ఆనాటి తేదీ రాశాడు. దాని పైన నిరుటి తేదీలు రెండు ఉన్నాయి, వాటి మధ్య ఎడం నాలుగు వారాలు.